పీఎఫ్ 2 శాతం పెరిగితే చేతికొచ్చే జీతం 600 తగ్గుతుందా?

అందరికీ నమస్తే. మాది కర్నూలు. మా చిన్న కంపెనీలో ఉద్యోగులు 20కి చేరారని, వచ్చే నెల నుంచి పీఎఫ్ 10 శాతం బదులు 12 శాతం కడతామని హెచ్ఆర్ మేనేజర్ లెటర్ ఇచ్చారు. నా బేసిక్ 15,000. అంటే నా వాటా 1,500 నుంచి 1,800 అవుతుంది. ఈ 300కి బాధ లేదు, నా ఖాతాలోకే పోతుంది కదా. కానీ లెటర్‌లో 600 తగ్గుతుందని ఉంది. కంపెనీ వాటాలో పెరిగిన 300 కూడా నా స్పెషల్ అలవెన్సులోనే కోస్తారంట, సీటీసీ మారదు కాబట్టి. తన వాటా కట్టాల్సి వచ్చిందని యజమాని జీతం తగ్గించకూడదని పీఎఫ్ చట్టంలో ఉంది. ఆఫర్ లెటర్‌లో కంపెనీ వాటాను సీటీసీలో కలిపి చూపించి ఉంటే ఆ నిబంధన వర్తించదా? ఇట్లాంటి లెటర్ వచ్చినవాళ్లు హెచ్ఆర్‌కు ఏమని రాసిచ్చారో దయచేసి చెప్పండి.