సూప్ మీద ఆవిరి, గిన్నె పక్కన రొట్టె పొడి: ఎంతవరకు దిద్దొచ్చు?

తెరచాటు: ఒక ప్యాకెట్ సూప్ ప్రకటనకు ఫొటో తీశాను. లైట్లు సర్దేలోపే సూప్ చల్లారిపోయింది. ఎడిటింగ్‌లో ఆవిరి కలిపాను, గిన్నె పక్కన రాలిన రొట్టె పొడి తుడిచేశాను. మా జూనియర్ ఇది కొనేవాళ్ళని మోసం చేయడమేనంటోంది. నిజమేనా?

నిక్కచ్చి: నిజమే. ప్రకటనలో వస్తువు ఉన్నదున్నట్టు కనపడాలి. అమెరికాలో సూప్ గిన్నెలో గాజు గోళీలు వేసి ఫొటో తీశారని క్యాంప్‌బెల్ కంపెనీ మీద కేసు పెట్టలేదూ? ఆ తర్వాత ఫొటోలో బయటి వస్తువేదీ వాడకూడదనే తేల్చారు.

పాతకెమెరా: కేసు సంగతి నిజమేనండీ, తేల్చింది మాత్రం అది కాదు. గోళీలు అడుగున ఉంటే కూరగాయ ముక్కలు మునగకుండా పైకి తేలతాయి. చూసేవాళ్ళకి డబ్బాలో ఉన్నదానికంటే ముక్కలు ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకున్నది దాన్ని. 1970లో కంపెనీ ఆ పద్ధతి మానేస్తానని ఒప్పుకుంది. గోళీ వాడడం తప్పు కాలేదు, గోళీ చెప్పిన అబద్ధం తప్పయింది.

అంతకుముందు 1965లో అమెరికా సుప్రీంకోర్టుకి షేవింగ్ క్రీమ్ ప్రకటన కేసొకటి వెళ్ళింది. క్రీమ్ రాయగానే గరుకు కాగితం నున్నగా గీసుకుపోయినట్టు టీవీలో చూపించారు. నిజానికది ఇసుక అంటించిన ప్లాస్టిక్ పలక. కోర్టు తప్పుపట్టింది. అదే తీర్పులో, వేడి లైట్ల కింద ఐస్‌క్రీమ్ కరిగిపోతుందని మెదిపిన బంగాళదుంప పెట్టడం వేరే సంగతని చెప్పింది, దాన్ని సరుకు గొప్పకి రుజువుగా చూపించనంతవరకు. కాబట్టి తెరచాటు గారూ, మీ ఆవిరి దేనికైనా రుజువుగా నిలబడుతోందా? ప్రకటనలో ఏం రాశారు?

లైటింగ్: ఇంత చర్చ ఎందుకండీ, ఆవిరి సహజంగా రావాలంటే వెనక నుంచి లైటు వేసి, వెనకాల నల్లగుడ్డ కట్టండి. ముందు చల్లారిన గిన్నె పెట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ అన్నీ చూసుకుని, చివరి క్షణంలో వేడి గిన్నె మార్చండి. అప్పటికీ చాలకపోతే అదే గిన్నె ఆవిరిని నల్ల నేపథ్యం మీద విడిగా తీసి, పై లేయర్‌గా `Screen` మోడ్‌లో వేస్తే నలుపంతా మాయమై ఆవిరి ఒక్కటే మిగులుతుంది. నెట్‌లో దొరికే ఆవిరి అతికిస్తే ఇట్టే తెలిసిపోతుంది. చల్లారిన సూప్ మీద కొవ్వు మీగడలా తెట్టు కట్టి ఉంటుంది. దాని పైన పొగలు లేస్తుంటే ఎవరు నమ్ముతారు?

కేకుపని: నాదీ ఇలాంటి గొడవే. మా కేకు ఫొటోలో డిజైనర్ పళ్ళెంలో పొడితోపాటు, కోసిన అంచు మీద విరిగిన చోట్లు కూడా నున్నగా చేసేశాడు. కొన్నవాళ్ళు "ఫొటోలో ముక్క చక్కగా తెగింది, మా ఇంట్లో కత్తి పెట్టగానే పొడిపొడి అయింది" అన్నారు. మాది పొడిపొడిగా ఉండే రకమే. రుచే అందులో ఉంది.

పాతకెమెరా: చూశారా, ఒకే బ్రష్‌తో రెండు వేర్వేరు పనులు జరిగాయి. పళ్ళెంలో పొడి చెయ్యి తగిలి రాలింది, తుడిస్తే గుడ్డతో తుడిచినట్టే. కోసిన అంచు కేకు స్వభావం. దాన్ని మారిస్తే కేకునే మార్చినట్టు. "పొడి రాలని బిస్కెట్" అని రాసిన ప్రకటనలోనైతే పళ్ళెంలో పొడి తుడవడం కూడా తప్పే. తెరచాటు గారి రొట్టె అమ్మే సరుకు కాదు కాబట్టి ఆ పొడితో పేచీ లేదు.

తెరచాటు: ప్రకటన పైన "ఒక్క నిమిషంలో పొగలు కక్కే సూప్" అని ఉంది. ఇప్పుడు గుండెలో రాయి పడింది. నా ఆవిరి నెట్‌లోదే.

పాతకెమెరా: అలాగైతే ఆవిరి అలంకారం కాదండీ, మీరిచ్చిన మాట. ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్ళు, చెప్పినంత వేడి, గడియారం పెట్టి ఒక్క నిమిషం. ఆ గిన్నెకి ఆవిరి వస్తే దాన్నే తీయండి. రాకపోతే ఆ వాక్యం తీసేయమని క్లయింటుకి చెప్పండి.

తెరచాటు: చేసి చూశాను. వస్తోంది. వెనక లైటు ఉంటే సన్నటి పోగు కనిపిస్తోంది, లేకపోతే కెమెరాకి అసలు చిక్కట్లేదు. దాన్నే తీసి, కాస్త చిక్కబరచొచ్చా?

లైటింగ్: నిరభ్యంతరంగా. వెనక లైటు వేయడమే చిక్కబరచడం కదా.

నిక్కచ్చి: నేను ఒప్పుకోను. లైటు ఉన్నదాన్ని చూపిస్తుంది, మీ లేయర్ లేనిదాన్ని కలుపుతుంది.

పాతకెమెరా: ఇక్కడ నాకూ గీత స్పష్టంగా కనపడట్లేదు. నేనైతే ఎదురుగా కూర్చున్న మనిషి కంటికి ఆనినంత వరకు పెంచుతాను. గిన్నె పక్కనే పెట్టుకుని, తెరనీ దాన్నీ మార్చి మార్చి చూస్తూ. మీ జూనియర్‌నే చూడమనండి, ఆవిడ ఎక్కడ ఆగమంటారో.