టెండరు నోటీసు తెలుగు చేసేటప్పుడు అర్హత క్లాజు కుదించవచ్చా?

కాజీపేట డీటీపీ

హన్మకొండ దగ్గర ఒక సహకార సంఘం వాళ్లు గోదాము రేకుల కప్పు మరమ్మతుకు టెండరు పిలుస్తున్నారు. ఇంజినీరు ఇంగ్లిషులో రాసిచ్చిన నోటీసును తెలుగు చేయమన్నారు. ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో వేస్తారు, మండలాల్లో నోటీసు బోర్డులకూ అంటిస్తారు. అంచనా విలువ 40 లక్షలు. నోటీసు తేదీ 12 జూన్ 2025, గడువు 27 జూన్ మధ్యాహ్నం 3 గంటలు.

అర్హత క్లాజు నేను రాసింది ఇది:

"గత 7 సంవత్సరములలో అంచనా విలువలో 40 శాతం విలువ గల మూడు పనులు లేదా 50 శాతం విలువ గల రెండు పనులు లేదా 80 శాతం విలువ గల ఒక పని చేసి ఉండవలెను. గత మూడు సంవత్సరములలో వార్షిక టర్నోవరు అంచనా విలువలో 30 శాతం ఉండవలెను."

ఇంగ్లిషులో ఇంతకు రెండింతలు ఉంది. పత్రికలో చదరపు సెంటీమీటరు లెక్కన డబ్బులు కాబట్టి కుదించమన్నారు. చదివితే సాఫీగానే ఉంది కానీ ఏదో జారిపోయిందని అనుమానం. చూసి చెప్పండి.

జగిత్యాల డెస్క్

కింద "సందేహం వచ్చినచో ఆంగ్ల ప్రతియే చెల్లుబాటు అగును" అని ఒక లైను వేసేయండి, ఇక టెన్షన్ ఉండదు. మా దగ్గరికి వచ్చే టెండరు ప్రకటనల్లో చాలావాటికి ఆ లైను ఉంటుంది. పూర్తి వివరాలు షెడ్యూల్లో ఎలాగూ ఉంటాయి కదా.

పాత టెండర్ల గుమాస్తా

డెస్క్ గారూ, ఆ లైను ఉండటం మంచిదే. కానీ అది కాపాడేది ఆఫీసును. తెలుగు నోటీసు చదివి "మనకు అర్హత లేదులే" అని వెళ్లిపోయినవాడు ఇంగ్లిషు ప్రతి తెరిచి చూస్తాడా? అర్హత ఉందనుకొని షెడ్యూలు కొని, డీడీ తీసి, తర్వాత వెనక్కి వచ్చినవాడికి ఆ లైను వల్ల ఒరిగేదేముంది? పైగా ఆ వాక్యం వేయాలా వద్దా అన్నది సంఘం వాళ్లు తేల్చాలి. అనువాదం చేసేవాళ్లు సొంతంగా చేర్చేది కాదు.

కాజీపేట గారూ, మీ అనుమానం నిజమే. ఈ 40, 50, 80 లెక్క కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో ఇచ్చిన మార్గదర్శకాల్లోది. చాలా ఆఫీసులు దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకుంటాయి, అందుకే అసలు పాఠం ఎలా ఉంటుందో ఊహించగలను. మీ తెలుగులో మొదట పోయింది 'ఒక్కొక్కటి'. మూడు పనుల్లో ప్రతి పనీ 16 లక్షలకు తగ్గకూడదన్నది అసలు షరతు. మీరు రాసినట్టు చదివితే మూడూ కలిపి 16 లక్షలైనా చాలనిపిస్తుంది. రెండోది, '40 శాతం విలువ గల' అంటే సరిగ్గా 40 శాతమా? 'తగ్గని' అనాలి. మూడోది, 'చేసి ఉండవలెను' అంటే నడుస్తున్న పని కూడా వస్తుంది. అసలులో ఉన్నది పూర్తి చేసిన పనులు. 'ఇదే తరహా' అన్న మాట కూడా ఎగిరిపోయింది. సీసీ రోడ్లు వేసినవాళ్లు రేకుల కప్పుకు టెండరు వేస్తే అప్పుడు ఎవరు సమాధానం చెప్తారు?

ఏడేళ్ల సంగతి ఇంకా చిక్కు. ఆ ఏడేళ్లు నోటీసు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టేవి కావు. టెండరు పిలిచిన నెలకు ముందు నెల చివరి రోజుతో ముగిసే ఏడేళ్లు. మీ నోటీసు జూన్‌లోది కాబట్టి 31 మే 2025తో ముగుస్తాయి, అంటే 1 జూన్ 2018 నుంచి మొదలు. ఒకాయన పని 8 జూన్ 2018న పూర్తయిందనుకోండి. క్లాజు ప్రకారం అది లెక్కలోకి వస్తుంది. మీ 'గత 7 సంవత్సరములలో' అన్నదాన్ని 12 జూన్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటే నాలుగు రోజుల తేడాతో బయట పడుతుంది. అలాగే ఈ జూన్ 5న పని ముగించి సర్టిఫికెట్ పట్టుకొచ్చినవాడు మీ తెలుగు చదివి లోపలున్నాననుకుంటాడు. కానీ అతను బయటే.

ములుగు కాంట్రాక్టర్

గుమాస్తా గారు చెప్పిన 'ఒక్కొక్కటి' దెబ్బ మా తమ్ముడికి తగిలింది. ఆఫీసు పేరు ఎందుకులే. నోటీసు తెలుగులో చూసి, మూడు చిన్న పనులు 6, 5, 5 లక్షలవి కలిపితే సరిపోతాయనుకున్నాడు. షెడ్యూలు కొన్నాడు, బ్యాంకులో డీడీ తీశాడు. టెక్నికల్ బిడ్ తెరిచిన రోజే పక్కన పెట్టారు. డీడీ తిరిగి రావడానికి ఎన్నిసార్లు తిరిగాడో అడగకండి. అడిగితే షెడ్యూల్లో ఇంగ్లిషులో స్పష్టంగానే ఉంది కదా అన్నారు.

టర్నోవరు కూడా అట్లనే రాయకండి. మాకు ఒక ఏడాది బిల్లులు రావు, తర్వాతి ఏడాది రెండూ కలిసి వస్తాయి. మీరు రాసింది చదివితే ప్రతి ఏడూ 12 లక్షలు దాటాలేమో అనిపిస్తది.

పాత టెండర్ల గుమాస్తా

అన్నా, మంచి పాయింట్. అక్కడ పోయిన మాట 'సగటు'. ఉదాహరణకు 2022-23లో 9 లక్షలు, 2023-24లో 11 లక్షలు, 2024-25లో 17 లక్షలు అనుకుందాం. మొత్తం 37, మూడుతో భాగిస్తే 12 లక్షల 33 వేల చిల్లర. 40 లక్షల్లో 30 శాతం 12 లక్షలు కాబట్టి అర్హత ఉంది. ఏటా 12 దాటాలని అర్థం చేసుకుంటే ఇదే మనిషి రెండేళ్లలో తప్పిపోతాడు. ఆ మూడేళ్లు ఏవన్నది కూడా రాయాలి: ముందటి ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసే మూడేళ్లు.

ఏనుమాముల సప్లై

ఇదే సమస్య నాకూ ఉంది. మిర్చి ఆరబెట్టే టార్పాలిన్లు సప్లై చేస్తాను. ఒక రైతు కంపెనీకి ప్రపోజల్ తెలుగులో ఇవ్వమంటే మా అబ్బాయితో చేయించాను. ధరల కింద "జీఎస్టీ మినహాయించి" అని రాశాడు. వాళ్ల బోర్డు మీటింగులో అది చదివి, మాకు జీఎస్టీ మినహాయింపు ఉందనుకొని రేటు ఓకే చేశారు. బిల్లులో పన్ను కనపడేసరికి గొడవ. దీన్ని ఎట్లా రాయాలి?

జగిత్యాల డెస్క్

అన్నా, ఇక్కడ నడుస్తున్నది టెండరు నోటీసు సంగతి :) అయినా "జీఎస్టీ కాకుండా" అని రాయండి, సరిపోతుంది.

పాత టెండర్ల గుమాస్తా

'కాకుండా' కూడా సగమే చెప్తుంది. రెండు చిన్న వాక్యాలు రాయండి: "ఈ ధరలో జీఎస్టీ కలవలేదు. బిల్లు నాటికి అమల్లో ఉన్న రేటు ప్రకారం జీఎస్టీ అదనం." రవాణా, దించే కూలీ ఎవరిదో కూడా అట్లాగే విడిగా రాయండి. 'మినహాయింపు' అన్న మాటను నిజంగా ఏదైనా మాఫీ ఉన్నచోటే వాడండి. "మీ అమూల్యమైన సంస్థకు" లాంటి పొగడ్తలు పక్కన పెడితే ఈ రెండు వాక్యాలకు చోటు దొరుకుతుంది.

కాజీపేట డీటీపీ

థాంక్స్ సార్. గడువు లైను కూడా చూడండి: "టెండర్లు 27-06-2025 లోపు పంపవలెను. టెండరు మూడు నెలల పాటు చెల్లుబాటులో ఉండవలెను." ఇంగ్లిషులో చెల్లుబాటు 90 రోజులని ఉంది, రెండూ ఒకటే కదా అని మార్చాను. టెండర్లు తెరిచేది అదే రోజు 3.30కి.

వెంకటాపురం పోస్టు

'పంపవలెను' అని ఉంటే మా వైపు వాళ్లు 27 పొద్దున రిజిస్టర్ పోస్టు చేసి రసీదు జేబులో పెట్టుకుంటారు. పంపినట్టే కదా! కవరు మీకు చేరేది ఎప్పుడో.

పాత టెండర్ల గుమాస్తా

నిజం. ఇది ఆన్‌లైన్ టెండరు కాదు, సీల్డు కవరు కాబట్టి 'చేరాలి' అనే రాయాలి. "27-06-2025, శుక్రవారం, మధ్యాహ్నం 3.00 గంటల లోపు సంఘ కార్యాలయానికి చేరాలి. ఆ తర్వాత చేరినవి తీసుకోబడవు." 'లోపు' ఒక్కటే పెడితే 27వ తేదీ కలుస్తుందా లేదా అని సగంమంది అడుగుతారు, గంట రాస్తే ఆ ప్రశ్న ఉండదు. వారం పేరు నేను ఎప్పుడూ అడిగి మరీ వేయిస్తాను. తేదీలో ఒక అంకె తప్పు పడితే వారంతో కుదరదు, ప్రూఫులోనే దొరికిపోతుంది.

90 రోజులను మూడు నెలలు చేయకండి. 27 జూన్ తర్వాత 90 రోజులంటే 25 సెప్టెంబరు. మూడు నెలలంటే 27 సెప్టెంబరు. రెండు రోజులే అనిపిస్తుంది, కానీ ఈఎండీకి బ్యాంకు గ్యారంటీ ఇచ్చేవాళ్లు ఆ తేదీ చూసే గడువు రాయిస్తారు. ఏ రోజు నుంచి లెక్కో కూడా కలపండి: తెరిచిన తేదీ నుంచి.

కాజీపేట డీటీపీ

మళ్లీ రాశాను:

"01-06-2018 నుంచి 31-05-2025 వరకు పూర్తి చేసిన ఇదే తరహా పనులు (గోదాము లేదా పారిశ్రామిక షెడ్డు ఉక్కు కప్పు పనులు) కింది వాటిలో ఏదో ఒక విధంగా ఉండాలి:
ఒక్కొక్కటి రూ.16 లక్షలకు తగ్గని మూడు పనులు;
లేదా ఒక్కొక్కటి రూ.20 లక్షలకు తగ్గని రెండు పనులు;
లేదా రూ.32 లక్షలకు తగ్గని ఒక పని.
2022-23, 2023-24, 2024-25 సంవత్సరాల సగటు వార్షిక టర్నోవరు రూ.12 లక్షలకు తగ్గకూడదు."

శాతాలు తీసేసి రూపాయలు పెట్టాను, తేదీలు లెక్కగట్టాను. పత్రికలో స్థలం కూడా ముందటికంటే కొంచెమే పెరిగింది.

ములుగు కాంట్రాక్టర్

ఇట్లుంటే మా తమ్ముడు డీడీ తీసేవాడే కాదు. ఇదే ఉంచండి.

పాత టెండర్ల గుమాస్తా

చదివేవాడికి ఇదే మేలు, ఒప్పుకుంటాను. అయినా నేనైతే శాతాలు ఉంచి పక్కన రూపాయలు వేస్తాను. రేపు అంచనా 40 నుంచి 44 లక్షలకు మారుస్తూ సవరణ ఇచ్చారనుకోండి, ఇంగ్లిషులో ఒక్క అంకె మారుతుంది. మీ తెలుగులో నాలుగు మారాలి. ఒకటి మరిచిపోతే రెండు ప్రతులు రెండు మాటలు చెప్తాయి. లెక్కగట్టిన తేదీలు, మొత్తాలు అసలులో లేనివి కాబట్టి ఇంజినీరు సంతకం పెట్టించుకోకుండా మాత్రం వేయకండి.

జగిత్యాల డెస్క్

శాతాలూ రూపాయలూ రెండూ వేస్తే లైన్లు పెరుగుతాయి, బిల్లు చూసి సంఘం వాళ్లే కొట్టేస్తారు చూడండి. నా ఓటు రూపాయలకే.

కాజీపేట డీటీపీ

ఇంజినీరు గారికి రెండు రకాలూ పంపాను. ఆయన తేదీలు సరేనన్నారు. రూపాయల సంగతి కార్యదర్శిని అడిగి రేపు చెప్తారట. ప్రూఫు ఎల్లుండి పత్రికకు వెళ్లాలి.