వీడియో యాడ్‌ను 20 సెకన్లకు కోస్తే, పాతదానితో పోల్చేదెలా?

గాజువాకలో ఒక ఫర్నిచర్ షాపుకి యూట్యూబ్‌లో 40 సెకన్ల స్కిప్పబుల్ యాడ్ నడుపుతున్నాను. 100 మందిలో 10 సెకన్ల దగ్గర 40 మంది, 20 దగ్గర 22 మంది మిగులుతున్నారు. ఆ 22 మందీ చివరిదాకా చూస్తున్నారు, అందుకే వ్యూ రేట్ 22%. రిపోర్టు సగటున చూసిన సమయం 16 సెకన్లు అంటోంది గానీ, అది స్కిప్ చేసినవాళ్లనీ పూర్తిగా చూసినవాళ్లనీ కలిపిన లెక్కే కదా.

5 సెకన్లకు స్కిప్ బటన్ వస్తుంది కాబట్టి మొదట పడిపోవడం మామూలే. నా టెన్షన్ 10–20 మధ్య గురించి. అక్కడ ఆర్కే బీచ్ డ్రోన్ షాట్, తర్వాత ఓనర్ గారి మాటలు (ఆయనకి చెప్పడం వేరే సమస్య).

ఆ ముక్క తీసేసి, మిగతాది కూడా కొంచెం కుదించి 20 సెకన్లు చేద్దామనుకుంటున్నా. కానీ 30 సెకన్లలోపు యాడ్‌కి పూర్తిగా చూస్తేనో, క్లిక్ చేస్తేనో వ్యూ. అంటే ఇప్పుడు 30 సెకన్లకు పడే వ్యూ అప్పుడు 20కే పడుతుంది. పెరిగిన రేటు ఎడిటింగ్ వల్లో, ఈ తేడా వల్లో ఎలా తెలుస్తుంది? రెండిటికీ 10వ సెకను దగ్గర మిగిలినవాళ్లను పోలిస్తే చాలా? చేసినవాళ్లు చెప్పండి.