రాపిడ్ స్ట్రెప్ నెగెటివ్, కల్చర్ పాజిటివ్: ఏది నమ్మాలి?

హిమజ (తిరుపతి): పొద్దున్నించి ఈ రెండు కాగితాలు ముందు పెట్టుకొని కూర్చున్నా, బుర్ర పనిచెయ్యడం లేదు. పాపకు సోమవారం గొంతునొప్పి, జ్వరం మొదలైంది. మంగళవారం సాయంత్రం చూపిస్తే డాక్టరు గారు గొంతులో దూదిపుల్ల పెట్టి తీసి, అక్కడే స్ట్రెప్ అనే బ్యాక్టీరియా ఉందేమో చూసే రాపిడ్ టెస్ట్ చేయించారు. నెగెటివ్ అన్నారు, హమ్మయ్య అనుకున్నాం. అయినా ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌కు కూడా పంపుతానని ఇంకో పుల్ల తీశారు. ఈరోజు శుక్రవారం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. అందులో "బీటా హీమోలైటిక్ స్ట్రెప్టోకోకై పెరిగాయి" అని ఉంది. డాక్టరు గారు ఫోన్లో అమాక్సిసిలిన్ పది రోజులు వేయమని, మిగతాది రేపు వచ్చినప్పుడు మాట్లాడదామని పెట్టేశారు. పాపకు జ్వరం నిన్నే తగ్గిపోయింది, ఆడుకుంటోంది. తగ్గిన పిల్లకు పది రోజుల మందు ఎందుకు? ఒకే గొంతు, ఒకే రోజు, రెండు జవాబులు ఎలా వస్తాయి? రెండింట్లో ఒకటి తప్పే అయితే రెండింటికీ డబ్బు ఎందుకు తీసుకున్నట్టు? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్. చాలా టెన్షన్‌గా ఉంది.

కిరణ్: పాప వయసెంత? పుల్ల తీయకముందు ఏదైనా యాంటీబయాటిక్ పడిందా? దగ్గు, జలుబు ఉన్నాయా? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

రమణయ్య (చిత్తూరు): అమ్మా, ఈ పుల్లలతో తేలేది కాదు. ఏఎస్ఓ అని రక్తపరీక్ష ఉంటుంది, అది చేయించు. మా అన్న కొడుక్కి చిన్నప్పుడు కీళ్ళు వాచి నడవలేకపోతే వేలూరు తీసుకుపోయినాము. అక్కడ ఆ పరీక్ష చేశాకే గుండెకు సంబంధించిన జ్వరమని తేల్చినారు. ఇరవై ఒక్క రోజులకొకసారి పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి. అంతకుముందు గొంతునొప్పి వచ్చిందంటే మేమెవరమూ పట్టించుకోలేదు. నువ్వు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు తల్లీ.

సుజాత: మాకూ ఇలాగే అయింది హిమజ గారూ. మా ఆయనకు గొంతునొప్పి వస్తే కిట్ తెప్పించి ఇంట్లోనే చేశాం. మొదట ఒక్క గీతే వచ్చింది. వంటపని అయ్యాక చూస్తే రెండో గీత లేతగా కనపడింది! అంటే నెగెటివ్ వచ్చింది కూడా ఇంకొంతసేపు ఆగితే పాజిటివ్ అవుతుందన్నమాట. మీ డాక్టరు గారు తొందరపడి చూసేసి ఉంటారు.

భాస్కర్: ఎవరికి గొంతు గరగర అన్నా మెడికల్ షాపుకెళ్ళి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు కొనుక్కోవడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవి, వాటికి ఈ మందులు పనిచెయ్యవు. ఇలా వాడీ వాడీ రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచెయ్యకుండా చేసుకుంటున్నాం. ఈ పాపకు జ్వరం దానంతట అదే తగ్గింది, రాపిడ్ నెగెటివ్. ఇంకెందుకండీ పది రోజులు? నేనైతే వెయ్యను.

హిమజ: కిరణ్ గారూ, పాపకు ఏడేళ్ళు. పారాసిటమాల్ సిరప్ తప్ప ఏమీ వెయ్యలేదు. దగ్గు, జలుబు లేవు. మెడ దగ్గర రెండు వైపులా గడ్డల్లా తగిలాయి, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలున్నాయని డాక్టరు గారు చూపించారు. మొదటి పుల్ల పెట్టినప్పుడు పాప గట్టిగా కొరికేసింది, నాలుకతో తోసేసింది. రెండోసారి వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకొని తల పట్టుకున్నారు, అప్పుడు ఓకరింత వచ్చి ఏడ్చింది గానీ పని అయింది.

మస్తాన్ (రేణిగుంట): అక్కా, నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నా. అసలు సంగతి మీరు చివర్లో చెప్పారు. కొరికేసిన పుల్ల దేనికి వాడారు, రాపిడ్‌కా కల్చర్‌కా?

హిమజ: మొదటిది అక్కడికక్కడే చేసిన టెస్టుకు. రెండోది గొట్టంలో పెట్టి ల్యాబ్‌కు పంపారు. ఒకదాంతోనే రెండూ చెయ్యొచ్చు కదా, పిల్లను రెండుసార్లు ఏడిపించడం ఎందుకని అప్పుడే అనుకున్నా.

మస్తాన్: చెయ్యలేరక్కా. రాపిడ్ టెస్టులో పుల్లను ముందు రెండు రసాయనాలు కలిపిన గొట్టంలో ఒక నిమిషం తిప్పుతారు. ఆ ద్రవం బ్యాక్టీరియా గోడను విడగొట్టి, అందులోని ఒక రకం పిండిపదార్థాన్ని బయటికి లాగుతుంది. దాంతో బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఇక ఆ పుల్లను కల్చర్‌కు పెడితే ఏమీ పెరగదు. అందుకే రెండు పుల్లలు కావాలి. తర్వాత ఆ ద్రవంలో స్ట్రిప్ ముంచి ఐదు నిమిషాలకు చూస్తారు. పై గీత వస్తే టెస్టు సరిగ్గా నడిచిందని, కింది గీత కూడా వస్తే పాజిటివ్ అని. కింది గీత ఎంత లేతగా ఉన్నా టైములోపల వస్తే పాజిటివే. పై గీతే రాకపోతే ఆ టెస్టు లెక్కలోకి రాదు, కొత్త కిట్‌తో మళ్ళీ చెయ్యాలి.

సుజాత అక్కా, వంటపని అయ్యాక కనపడిన గీత లెక్కలోకి రాదు. స్ట్రిప్ ఆరిపోతూ ఉంటే అలాంటి చార వస్తుంది. మా దగ్గరున్న కిట్ మీద పది నిమిషాలు దాటితే చూడొద్దని రాసి ఉంటుంది. మీ కిట్ కాగితం మీద ఎంత రాసుంటే అంతే.

ఇప్పుడు పాప సంగతి. పుల్ల రెండు టాన్సిల్స్‌కూ, గొంతు వెనక గోడకూ గట్టిగా రుద్దాలి. నాలుకకు, బుగ్గలకు, కొండనాలుకకు తగలకూడదు. ఓకరింత వచ్చిందంటే చాలావరకు సరైన చోటికి చేరినట్టే. మొదటిది నాలుకతో తోసేసిందంటున్నారు, అంటే దానికి అంటింది ఎక్కువగా ఉమ్మే అయ్యుండొచ్చు. రాపిడ్‌కు గీత రావాలంటే సరుకు కొంత ఎక్కువ కావాలి. కల్చర్‌లో పది, పదిహేను బ్యాక్టీరియా అంటినా చాలు, గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక్కోటీ ఒక్కో చుక్కగా పెరుగుతుంది. పుల్ల బాగా తీసినా కూడా, నిజంగా స్ట్రెప్ ఉన్న వంద మందిలో రాపిడ్ సుమారు 85 మందినే పట్టుకుంటుంది. మిగతావాళ్ళు జారిపోతారు. అందుకే పిల్లల్లో రాపిడ్ నెగెటివ్ వస్తే కల్చర్ పెడతారు. పాజిటివ్ వస్తే కల్చర్ అక్కర్లేదు, ఎందుకంటే లేనివాళ్ళకు పాజిటివ్ చూపడం తక్కువ. మీకు రెండింటికీ డబ్బు తీసుకోవడంలో మోసం ఏమీ లేదక్కా.

భాస్కర్: సరే. జారిపోయిందే అనుకుందాం. జ్వరం తగ్గాక మందు ఎందుకో ఇంకా చెప్పలేదు మీరు.

మస్తాన్: స్ట్రెప్ గొంతునొప్పి మందు లేకపోయినా నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది అన్నా. బ్యాక్టీరియా మాత్రం గొంతులో ఉండిపోతుంది. రమణయ్య గారి అన్న కొడుకు కథ అక్కడే మొదలవుతుంది. శరీరం దానిమీద తయారుచేసుకున్న ఆయుధాలు రెండు మూడు వారాల తర్వాత కీళ్ళమీద, గుండె కవాటాలమీద పడతాయి. అందరికీ రాదు, కొద్దిమందికే. కానీ ఎవరికి వస్తుందో ముందు తెలియదు, వస్తే గుండెకు జీవితాంతం ఉండిపోవచ్చు. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ జాతి మందు మొదలుపెడితే దాన్ని ఆపొచ్చు. పాపకు సోమవారం మొదలైంది, అంటే వచ్చే బుధవారం వరకు టైముంది. కల్చర్ కోసం ఆగినందువల్ల నష్టమేమీ జరగలేదు. పది రోజులు అన్నది జ్వరం కోసం కాదు, గొంతులో మిగిలినదాన్ని తుడిచెయ్యడానికి.

కాకపోతే ఒక మాట. మీ రిపోర్టులో "బీటా హీమోలైటిక్" అని మాత్రమే ఉందా, "గ్రూప్ ఏ" అని ఎక్కడైనా ఉందా?

హిమజ: లేదు. మీరు అడిగాక ఇప్పుడు రెండోసారి చదివా. గ్రూప్ అనే మాటే లేదు. రెండూ ఒకటి కాదా?

సుజాత: స్ట్రెప్ అంటే స్ట్రెప్పే కదండీ.

మస్తాన్: కాదక్కా, ఇక్కడ తేడా ముఖ్యం. ప్లేటు మీద చుక్క చుట్టూ రక్తం కరిగిపోయి తేటగా కనపడితే బీటా హీమోలైటిక్ అంటాం. అలా కరిగించేవి చాలా ఉన్నాయి. లాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త 1933లో వాటిని గోడలోని పిండిపదార్థాన్ని బట్టి ఏ, బీ, సీ అని విడదీసింది. రాపిడ్ కిట్ వెతికేది ఏ గ్రూపుదాన్నే. గుండె జ్వరం భయం కూడా ముఖ్యంగా దానితోనే. పాప గొంతులో ఉన్నది సీ గానీ జీ గానీ అయితే పుల్ల ఎంత బాగా తీసినా రాపిడ్ నెగెటివే వస్తుంది, అప్పుడు రెండు రిపోర్టులూ సరైనవే. ల్యాబ్‌కు ఫోన్ చేసి గ్రూపింగ్ చేశారా అని అడగండి. చాలాచోట్ల ప్లేటు మీద బాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న చిన్న డిస్క్ పెడతారు. దాని చుట్టూ పెరగకపోతే ఏ గ్రూపు అయ్యే అవకాశం ఎక్కువ. గ్రూపును నేరుగా చూపే లేటెక్స్ టెస్టు ఉంటే ఇంకా గట్టిగా చెప్తారు. ప్లేటు పారెయ్యకముందే అడగాలి.

రమణయ్య: ఇంత తిరుగుడు లేకుండా ఏఎస్ఓ చేస్తే అయిపోయేది కదా అని నేను మొదటే చెప్పినా.

కిరణ్: ఏఎస్ఓ పెరగడానికి వారం పైన పడుతుంది సార్. రెండో రోజు గొంతునొప్పికి అది ఏమీ చెప్పదు.

మస్తాన్: రమణయ్య గారూ, మీ పిల్లాడికి అది సరైన పరీక్షే. కీళ్ళు వాచేసరికి గొంతులో బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు, అంతకుముందు స్ట్రెప్ వచ్చిపోయిందా అని రక్తంలో వెతకాలి. ఇప్పుడు గొంతులో ఉందా అన్న ప్రశ్నకు పుల్లే కావాలి. ఏఎస్ఓ ఎక్కువ వచ్చినా అది రెండు నెలల కిందటి గొంతునొప్పిది కావచ్చు.

రమణయ్య: మా డాక్టరు అంత పెద్దాయన, ఆయన ఊరికే రాయలేదు బాబూ.

భాస్కర్: గ్రూప్ ఏ అయితే ఒప్పుకుంటా. సీ, జీ అని వస్తే మాత్రం మందు ఆపమనే అంటాను.

మస్తాన్: అది నేను తేల్చేది కాదన్నా. వాటితో కూడా గొంతు బాగా నొప్పి పెడుతుంది, ఇచ్చే డాక్టర్లు ఉన్నారు, ఇవ్వనివాళ్ళూ ఉన్నారు. గ్రూపు తెలిసేదాకా డాక్టరు గారు చెప్పింది వేస్తూ ఉండటమే మంచిది.

హిమజ: ల్యాబ్‌కు ఫోన్ చేశా. డిస్క్ పెట్టాం, రేపు పొద్దున చెప్తాం అన్నారు. సిరప్ ఇప్పుడే మొదటి డోసు వేశాను. ఇంకొకటి అడగాలి. మా చిన్నోడికి రెండేళ్ళు, ఇవాళ ముక్కు కారుతోంది, దగ్గుతున్నాడు. వాడికి కూడా పుల్ల తీయించాలా?

కిరణ్: అక్కర్లేదు. రెండేళ్ళు, పైగా జలుబు. వైరస్సే అయ్యుంటుంది.

మస్తాన్: మామూలుగా మూడేళ్ళలోపు పిల్లలకు ఈ టెస్టు చెయ్యరక్కా, వాళ్ళలో గుండె జ్వరం చాలా అరుదు. ఇంట్లో పాపకు ఉంది కాబట్టి ఒక్కోసారి డాక్టర్లు చేయిస్తారు, రేపు ఎలాగూ వెళ్తున్నారు, అడగండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళకు తీస్తే ఇంకో చిక్కు ఉంది. ఏ బాధా లేకుండా స్ట్రెప్ గొంతులో పెట్టుకొని తిరిగే పిల్లలు బడుల్లో చాలామంది ఉంటారు. అలాంటి పిల్లకు వైరస్ జలుబు వచ్చినప్పుడు తీసినా పాజిటివే వస్తుంది. జబ్బు దానివల్లా, అది ఊరికే ఉందా అని స్ట్రిప్‌కూ తెలియదు, ప్లేటుకూ తెలియదు. మందు మొదలుపెట్టాక తగ్గిందా అని మళ్ళీ పుల్ల తీయకపోవడం కూడా అందుకే.

సుజాత: అయితే మా ఆయన పెద్దవాళ్ళు కదా, ఆయనకు కూడా కల్చర్ చేయించాలా? నెగెటివ్ అన్నట్టేగా?

హిమజ: థాంక్స్ మస్తాన్ గారూ, కిరణ్ గారూ. పాపను పడుకోబెట్టాలి, రేపు ల్యాబ్ వాళ్ళు చెప్పాక వస్తా.

రమణయ్య: ఏఎస్ఓ కూడా ఒకసారి డాక్టరు గారిని అడుగు తల్లీ.