నాన్న వడ్డీ మూడు బ్యాంకుల్లో: 15హెచ్ ఎక్కడ ఇవ్వాలి, ఎప్పుడు?

పెరంబూర్ అబ్బాయి: నాన్నకి 71 ఏళ్లు, చెన్నైలో మా దగ్గరే ఉంటారు. 2025-26లో ఎఫ్‌డీ వడ్డీ ఒక బ్యాంకులో 96,000, రెండో దాంట్లో 1,24,000, మూడో దాంట్లో 68,000 వస్తుంది. పెన్షన్ ఏడాదికి 4,20,000. వడ్డీలోంచి ముందే పన్ను కోయొద్దని 60 దాటినవాళ్లు బ్యాంకుకిచ్చే 15హెచ్ ఫారం మూడు చోట్లా ఇవ్వాలా? ఎప్పటిలోగా?

తాంబరం పెద్దాయన: కలిపితే 2,88,000 అయింది కదా బాబూ. లక్ష దాటితే టీడీఎస్ అని వడ్డీలోంచి ముందే పన్ను కోస్తారు. మూడు చోట్లా ఇచ్చేయ్, గొడవ వదిలిపోతుంది.

పాత కౌంటర్ మనిషి: అన్నీ కలిపి చూసుకోవాల్సింది మనం, బ్యాంకు కాదండీ. పక్క బ్యాంకులో మీకెంత ఉందో దానికి తెలీదు. తన బ్రాంచీలన్నిట్లో మీ పాన్ మీదున్న డిపాజిట్ల వడ్డీ చూస్తుంది, అంతే. టీ నగర్‌లో సగం, మైలాపూర్‌లో సగం వేసినా ఒకటే. 60 దాటినవాళ్లకి ఆ హద్దు 2025 ఏప్రిల్‌లో 50,000 నుంచి లక్షకి పెరిగింది. అందుకని ఇప్పటికి కోత పడేది రెండో బ్యాంకులోనే. అదీ పైనున్న 24,000 మీద కాదు, మొత్తం 1,24,000 మీద 10 శాతం, అంటే 12,400.

లెక్కల మాస్టారు: అసలు ఆయన 15హెచ్ ఇవ్వకూడదు. కొత్త పన్ను పద్ధతిలో 4 లక్షలు దాటితే పన్ను లెక్క మొదలవుతుంది. ఆదాయం అంతకంటే ఎక్కువుండి సంతకం పెడితే తప్పుడు డిక్లరేషన్. కేసు కూడా పెట్టొచ్చు.

పాత కౌంటర్ మనిషి: తప్పుడు డిక్లరేషన్ గురించి మీరన్నది నిజమే మాస్టారూ. కానీ వడ్డీ ఆ 4 లక్షలు దాటకూడదన్న షరతు 60 లోపు వాళ్లిచ్చే 15జీది. 15హెచ్‌లో చూసేది ఒక్కటే, చివరికి కట్టాల్సిన పన్ను సున్నా అవుతుందా లేదా అని. రిబేటు అనే పన్ను తగ్గింపు పోగా సున్నా అయినా తీసుకోవాలని 2019లో ఫారంలోనే చేర్చారు.

ఈయన లెక్క చూద్దాం. పెన్షన్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 3,45,000. ఎఫ్‌డీ వడ్డీ 2,88,000. సేవింగ్స్ వడ్డీకి టీడీఎస్ లేకపోయినా ఆదాయమే కాబట్టి ఒక 6,000 వేసుకుందాం. మొత్తం 6,39,000. నాలుగు లక్షల పైన 5 శాతం చొప్పున 11,950 వస్తుంది, 12 లక్షల లోపు కాబట్టి రిబేటులో అదంతా పోతుంది. ఇవ్వొచ్చు. పాత పద్ధతిలో అయితే సీనియర్లకిచ్చే 50,000 వడ్డీ మినహాయింపు తీసినా 5 లక్షలు దాటుతుంది, అప్పుడు ఇవ్వకూడదు.

అడయార్ అత్తగారు: నేనూ ఏప్రిల్‌లో ఇచ్చాను. వడ్డీ, పెన్షన్ కలిపి 7 లక్షలే. మొన్న మా మనవరాలి ఫీజుకి ఈక్విటీ ఫండ్ అమ్మితే 3 లక్షల లాభం వచ్చింది. రిబేటు దానికి వర్తించదట! 1,25,000 పోగా మిగతా దాని మీద 12.5 శాతం, సెస్సుతో 22,750 కట్టమన్నారు. ఇప్పుడు నా ఫారం అబద్ధమైందా?

పాత కౌంటర్ మనిషి: అది సంతకం పెట్టిన రోజు వేసుకున్న అంచనా అమ్మా. అప్పటికి నిజమే. బ్యాంకుకి చెప్పి మిగతా నెలలకి వెనక్కి తీసుకుంటే మంచిది.

లెక్కల మాస్టారు: వెనక్కి ఎందుకు? బిజినెస్ లేని సీనియర్లకి అడ్వాన్స్ ట్యాక్స్ లేదు, రిటర్న్‌తో పాటు కట్టేస్తే సరి.

పెరంబూర్ అబ్బాయి: అయితే 96,000 ఉన్న బ్యాంకుని వదిలేయనా? అక్టోబర్‌లో ఇంకో 4 లక్షలు అక్కడే వేద్దామంటున్నారు నాన్న.

పాత కౌంటర్ మనిషి: జనం దెబ్బతినేది సరిగ్గా అక్కడే. 7 శాతం అనుకుంటే ఆరు నెలలకి 14,000, మొత్తం 1,10,000. సెప్టెంబర్ దాకా మూడు నెలలకోసారి 24,000 నిండుగా పడుతుంది. డిసెంబర్‌లో రావాల్సింది 31,000. కానీ అప్పటిదాకా వచ్చిన 79,000 మీద బాకీ అంతా ఒకేసారి లాగితే 7,900 పోయి ఖాతాలో 23,100 పడుతుంది. జనవరిలో పరిగెత్తుకెళ్లి ఫారం ఇస్తే అక్కడి నుంచే ఆగుతుంది. పోయింది రిటర్న్ వేసి రీఫండ్‌గా తెచ్చుకోవాలి. అందుకే రెండో బ్యాంకుకి ఏప్రిల్‌లోనే, మొదటి వడ్డీ పడకముందే ఇవ్వండి. మొదటి దానికి ఆ కొత్త డిపాజిట్ వేసే రోజే ఇవ్వండి. మూడో దానికి అక్కర్లేదు.

ఇంకోటి. ఈ ఏడాది వేరేచోట ఎన్ని 15హెచ్‌లు ఇచ్చారో, వాటిలో మొత్తం ఎంత చూపారో రాసే గడి ఉంటుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. రెండో ఫారం, అంటే మొదటి బ్యాంకుది, ఇచ్చేటప్పుడు అక్కడ 1, పక్కన 1,24,000 అని రాయాలి.

తాంబరం పెద్దాయన: అన్నిసార్లు తిరిగే ఓపిక మాకెక్కడిది! ఏప్రిల్‌లోనే మొదటి బ్యాంకుకీ ఇచ్చేస్తే పోయేదేముంది?

పాత కౌంటర్ మనిషి: పోయేదేం లేదు. కానీ కొత్త డిపాజిట్‌కి పాత ఫారం సరిపోతుందో లేదో అడగండి. ఒకచోట మా బావగారికి సరిపోదన్నారు.

పెరంబూర్ అబ్బాయి: నాన్నేమో కోస్తే కోయనీ, రీఫండ్ వస్తుందిగా అంటున్నారు. పోయినేడాది రీఫండ్ ఎప్పుడొస్తుందని రోజూ ఫోన్ చూసుకున్నది మాత్రం ఆయనే. సోమవారం రెండో బ్యాంకుకి తీసుకెళ్తాను.