‘తథా’నా, ‘తదా’నా? చెవికి వినిపించే బ్రాకెట్టు

సుమతి
ఒక పాదం నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ఆర్యభటీయం, గణితపాదం, వృత్త పరిధి చెప్పే శ్లోకం. “చతురధికం శతమష్టగుణం ద్వాషష్టిస్” దాకా గడగడా వస్తుంది. ఆ తర్వాత “తథా సహస్రాణామ్” అనా, “తదా సహస్రాణామ్” అనా? మా గురువుగారి నోట ‘తదా’ అనే విన్నట్టు గుర్తు.

ఎందుకు అవసరమైందో కూడా చెప్తాను. నేను లెక్కలు చెప్తాను. క్లాసులో ఒక అబ్బాయికి చూపు లేదు. బోర్డు మీదిదంతా నా నోటి ద్వారానే అతనికి చేరాలి. మొన్న వర్గ సమీకరణం సూత్రాన్ని ఎప్పటిలాగే చదివాను: “మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ రూట్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ.” x² − 5x + 6 = 0 ఇచ్చి చేయమన్నాను. రావలసినవి 3, 2. అతనికి ఐదున్నర, నాలుగున్నర వచ్చాయి. చూస్తే లెక్క ఎక్కడా తప్పలేదు. రూట్ విలువ 1 సరిగ్గానే తెచ్చాడు. ‘బై టూ ఏ’ని ఆ రూట్‌కే తగిలించి, వచ్చిన అరను 5కి ఒకసారి కలిపాడు, ఒకసారి తీశాడు. నేను చదివినదాంట్లో అలా కాదని చెప్పే మాట ఒక్కటీ లేదు. మిగతా పిల్లలకు బోర్డు మీద గీత కనిపించింది, అంతే తేడా.

ఆర్యభటుడు బ్రాకెట్టు గీయకుండానే నోటితో లెక్క చెప్పాడు కదా, ఎలా చెప్పాడో చూద్దామని ఆ శ్లోకం తీస్తే ఈ అక్షరం దగ్గర ఆగిపోయాను.

కామేశ్వరరావు
‘తథా’యేనండీ. ఛందస్సుతో తేలుతుందేమోనని గణాలు కట్టి చూశాను, తేలలేదు. ఇది ఆర్య. ఆరో గణం జగణం కావాలి. “తథాస” జగణమే, “తదాస” కూడా జగణమే. ఛందస్సు రెండిటినీ రానిస్తుంది. అర్థాన్ని బట్టి మాత్రం ‘తథా’. ‘అలాగే అరవై రెండు వేలూ’ అని కలుపుతున్నాడు.

మీ అసలు ప్రశ్న ఇంకా లోతైనది. ‘శతం’కి రెండు విశేషణాలున్నాయి: చతురధికం, అష్టగుణం. రెండూ ఒకే లింగం, ఒకే విభక్తి. వ్యాకరణం మాత్రమే చూస్తే ‘నాలుగు ఎక్కువైన నూరుకు ఎనిమిది రెట్లు’ అనీ చెప్పుకోవచ్చు, ‘ఎనిమిది రెట్ల నూరు, దానికి నాలుగు ఎక్కువ’ అనీ చెప్పుకోవచ్చు. మొదటి దారిలో 832, దానికి 62000 కలిపితే 62832. రెండో దారిలో 804, మొత్తం 62804. శ్లోకంలో వ్యాసం ఇరవై వేలు కాబట్టి, పరిధిని దానితో భాగిస్తే ఒకటి 3.1416, మరొకటి 3.1402. ఈ రెండిట్లో ఏది సరైనదో విభక్తి చెప్పదు, వరస చెప్తుంది. ముందు విన్నది ముందు చెయ్యాలి. ఆయన బ్రాకెట్టు అదే.

రఫీ
అయితే ‘తదా’నే నయం కదండీ! ‘అప్పుడు’ అంటే వరస ఇంకా గట్టిపడుతుంది. నూటనాలుగు, ఎనిమిది రెట్లు, *అప్పుడు* అరవై రెండు వేలు. వినేవాడికి అక్కడ మెట్టు మారిందని తెలుస్తుంది. సుమతి గారి గురువుగారు తెలిసే అలా అని ఉంటారు.

ఇక క్లాసు సంగతికి అంత కష్టం ఎందుకు? ‘హోల్’ ఉందిగా. “ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్” అంటే ఎవరికైనా అర్థమవుతుంది. సూత్రానికి “హోల్ బై టూ ఏ” అనండి, సరిపోతుంది.

సుమతి
రఫీ గారూ, ఆ ఒక్క సూత్రానికి మీ మాట పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ “పీ ఇంటూ ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్” అంటే ఏం రాస్తారు? p = 2, a = 3, b = 4 అనుకోండి. p(a+b)² అనుకుంటే 98. (pa+b)² అనుకుంటే 100. మొత్తానికీ స్క్వేర్ అనుకుంటే 196. ‘హోల్’ తలుపు మూస్తుంది గానీ, తలుపు ఎక్కడ తెరిచామో చెప్పదు.

ఇంకొకటి. అతను బ్రెయిల్ పలక మీద పొడుస్తాడు. ‘హోల్’ అని నేను అనేసరికి ఏ, బీ రెండూ కాగితం మీద పడిపోయి ఉంటాయి. పెన్నుతో రాసేవాళ్లు వెనక్కి వెళ్లి బ్రాకెట్టు ఇరికిస్తారు. అతనికి మధ్యలో ఇరికించే చోటు ఉండదు, ఆ వరస మళ్లీ మొదటి నుంచి పొడవాలి. ఈ సంగతి అతను చెప్పేదాకా నాకు తట్టలేదు.

లక్ష్మి
“అంకానాం వామతో గతిః” మరచిపోయారా అందరూ? అంకెలను ఎడమవైపుకు చదవాలి. 62832ని కుడి కొస నుంచి రెండు, మూడు, ఎనిమిది, రెండు, ఆరు అని చెప్పాలి. మా నాన్నగారు నాకు భూతసంఖ్యలు అలాగే నేర్పారు, నేత్రం అంటే రెండు, రామ అంటే మూడు అని. అందుకే ఆ శ్లోకంలో చిన్న సంఖ్య ముందు, వేలు తర్వాత వచ్చాయి.

కామేశ్వరరావు
లక్ష్మి గారూ, భూతసంఖ్యలకు మీరు చెప్పింది నిజమే. ఇక్కడున్నవి అంకెల పేర్లు కావు, క్రియలు: అధికం, గుణం. శ్లోకంలో 62832 అనే సంఖ్య ఎక్కడా పలకలేదు, దాన్ని ఎలా కట్టాలో మాత్రమే చెప్పాడు.

రఫీ గారూ, ‘తదా’ను నేను ఒప్పుకోను గానీ మీ చెవి పట్టుకున్న చోటు సరైనదే. ఎనిమిది రెట్లు ఎక్కడ ఆగుతుందన్నదే చిక్కు. ‘తథా’ను ‘అదే విధంగా’ అని తీసుకుని అరవై రెండు వేలను కూడా ఎనిమిదితో హెచ్చిస్తామంటే 496832 వస్తుంది. పరిధి వ్యాసానికి ఇరవై నాలుగు రెట్లు దాటిపోతుంది. అయినా అంత దూరం వెళ్లనక్కర్లేదు. ‘ద్వాషష్టిః’ స్త్రీలింగం, ‘అష్టగుణం’ దానికి అతకదు. ఇక్కడ వ్యాకరణమే గుణకారాన్ని ఆపింది. గొంతు ఆపడం మాత్రం సాయపడదు. ఆర్యలో మొదటి పన్నెండు మాత్రలు ‘అష్టగు’ దగ్గర పూర్తయి, ‘ణం’ అవతల పడుతుంది. పద్యం నడకను బట్టి విరిస్తే మాటే విరుగుతుంది.

విశ్వనాథం
సంస్కృతం దగ్గరే ఆగిపోయారు. పావులూరి మల్లనను తలవకుండా ఈ చర్చేమిటి? మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మనిషి. లెక్కను కందాల్లో, వృత్తాల్లో చెప్పి ఒప్పించాడు. నాకు నన్నయ ఎంతో మల్లన అంత.

తెలుగుకు ఒక బలం ఉంది: క్త్వార్థకం. కూడి, హెచ్చించి, భాగించి. “ఏకి బీ కలిపి, వచ్చినదాన్ని వర్గం చేసి, సీతో భాగించు.” ఇందులో ‘వచ్చినదాన్ని’ అనే మాట దగ్గర బ్రాకెట్టు మూసుకుంటుంది. ఎక్కడ తెరిచామన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే అప్పటిదాకా చేసిందంతా లోపలే ఉంది. మన వాక్యం నడిచే తీరే అది. మీ సూత్రం చదివి చూడండి: “బీ వర్గం నుంచి నాలుగు ఏసీ తీసి, వచ్చినదానికి మూలం కట్టి, దాన్ని మైనస్ బీకి ఒకసారి కలిపి, ఒకసారి తీసి, వచ్చినదాన్ని రెండు ఏతో భాగించు.” ఐదున్నర ఎలా వస్తుందో నాకు చెప్పండి!

సుమతి
విశ్వనాథం గారూ, ఇది చదివి నాకు నిజంగా సంతోషం కలిగింది. లెక్క *చేయడానికి* ఇంతకన్నా మంచి చదువు లేదు. రెండు చోట్ల మాత్రం ఆగాను. ఒకటి, పైన ఒక మొత్తం, కింద ఒక మొత్తం ఉన్నప్పుడు గొలుసు తెగుతుంది. “సీకి డీ కలిపి పక్కన ఉంచుకో” అనాలి, ఆ తర్వాత ‘వచ్చినది’ అంటే ఏది వచ్చినదో మళ్లీ చెప్పాలి. రెండు, అతను లెక్క చేయడమే కాదు, సూత్రం *రాయాలి* కూడా. కాగితం మీద ముందు వచ్చేది మైనస్ బీ. మీ చదువులో అది మధ్యలో ఎక్కడో వస్తోంది.

పద్మజ
నేను చూపులేని విద్యార్థులకు పుస్తకాలు చదివి రికార్డు చేసేదాన్ని. మాకు ఈ చిక్కు రోజూ ఉండేది. బ్రెయిల్ గణిత లిపి తయారుచేసిన అబ్రహం నెమెత్‌కు చూపు లేదు, ఆయనే గణితం ప్రొఫెసరు. తనకు చదివి వినిపించేవాళ్ల కోసం ఒక పద్ధతి పెట్టుకున్నారు: భిన్నం వస్తే ముందే ‘భిన్నం మొదలు’ అనాలి, గీత దగ్గర ‘ఓవర్’, అయ్యాక ‘భిన్నం ముగింపు’. మూలానికీ అంతే.

దాన్ని తెలుగులో మేము ఇలా చదివేవాళ్లం: “ఎక్స్ ఈక్వల్స్. భిన్నం మొదలు. మైనస్ బీ, ప్లస్ ఆర్ మైనస్, మూలం మొదలు, బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, మూలం అయింది. గీత కింద, టూ ఏ. భిన్నం అయింది.” రాసే వరసా, వినే వరసా ఒకటే. వెనక్కి వెళ్లే పని లేదు.

దీనికీ ఒక హద్దు ఉంది. భిన్నంలో భిన్నం, దాంట్లో మూలం వచ్చిందంటే, ఏ ‘అయింది’ దేనికో వినేవాళ్లకు తప్పిపోతుంది. అప్పుడు ముందు ఆకారం చెప్పేదాన్ని: “ఇదొక పెద్ద భిన్నం. పైన రెండు పదాలు, రెండోది మూలం. కింద ఒకటే పదం.” ఆ తర్వాత లోపలికి వెళ్లేదాన్ని. ఒక్క ముక్క ముందు చెప్తే ఎంత తేడా వచ్చేదో!

రఫీ
ఇంత తతంగం లేకుండా అచ్చ తెలుగులో “ఏ, బీల మొత్తం వర్గం” అంటే చాలదా?

కామేశ్వరరావు
చాలదు. ‘మొత్తం’ మనకు కూడిక ఫలమూ అవుతుంది, ‘అంతా’ అనే అర్థమూ ఇస్తుంది. మూడు, నాలుగుల ‘మొత్తం వర్గం’ అంటే ఒకరు 49 రాస్తారు, మరొకరు వర్గాలన్నీ కలిపి 25 రాస్తారు. ‘మొత్త*పు* వర్గం’ అనండి. ఆ ‘పు’ ఒక్కటీ మొత్తాన్ని వర్గం కిందికి కట్టేస్తుంది. ‘వర్గా*ల* మొత్తం’ అంటే 25. తేడా అంతా ఒక్కొక్క అక్షరంలో ఉంది.

విశ్వనాథం
‘మొత్తపు’ ఎవరంటారండీ నోటితో? రాతలో ఉంటుందేమో. వేగంగా అంటే ‘పు’ మింగుడుపడి మళ్లీ ‘మొత్తం వర్గం’ అనే వినిపిస్తుంది. చెవి కోసమే అయితే ‘మొత్తానికి వర్గం’ అనాలి. ‘కి’ మింగుడుపడదు.

కామేశ్వరరావు
‘మొత్తానికి’ అంటే ‘చివరికి’ అనే అర్థం కూడా ఉంది కదా! “మొత్తానికి వర్గం కట్టాడు” అంటే ఏమని అర్థం చేసుకుంటారు?

పద్మజ
లెక్కల క్లాసులో ఎవరూ అలా అర్థం చేసుకోరండీ.

సుమతి
ఇవాళ క్లాసులో చదివి చూశాను. సూత్రాన్ని పద్మజ గారి పద్ధతిలో, ఆకారం ముందు చెప్పి చదివాను. ఒక్కసారికే సరిగ్గా రాశాడు, మళ్లీ పొడవనక్కర్లేకపోయింది. తర్వాత ‘మొత్తపు వర్గం’, ‘మొత్తానికి వర్గం’ రెండూ అని, ఏది నయమని అడిగాను. “ఏదైనా సరే టీచర్, ‘మొత్తం’ అన్న తర్వాత మీరు కొంచెం ఆగుతున్నారు, అక్కడ ఆగకండి” అన్నాడు. రికార్డు పెట్టి విన్నాను. నిజమే, ప్రతిసారీ ‘మొత్త’ దగ్గర ఊపిరి తీసుకుంటున్నాను.

గురువుగారి పాత నోటుపుస్తకం వెతికిస్తున్నాను. ‘తదా’ అని రాసి ఉంటే ఇక్కడే పెడతాను.

రఫీ
పెట్టండి. ఉంటుంది చూడండి.