చివరి నాలుగంకెలే తెలుసు: మన కాంటాక్టుల్లో ఎవరిదో పట్టుకోవడం ఎలా?

ఉష_ఎంవీపీ
మా నాన్నగారింట్లో, ఎంవీపీ కాలనీలో, ఇంకా ల్యాండ్‌లైన్ ఉంది. పక్కన నంబర్ చూపించే పాత డబ్బా ఒకటి. నిన్న మధ్యాహ్నం రెండు రింగులొచ్చి ఆగిపోయిందట. "చివర 7244, మొదట తొమ్మిదో ఏదో" అన్నారు నాన్నగారు. మళ్లీ చూద్దామని ఏదో బటన్ నొక్కితే జాబితా మొత్తం పోయింది. ఆ సమయంలో నా సెల్ స్విచ్ఛాఫ్‌లో ఉంది కాబట్టి నా కోసమే చేసి ఉంటారు, అంటే నా దగ్గర సేవ్ అయిన నంబరే కావచ్చు. నా ఫోన్లో ఆరేడు వందల పేర్లున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందేనా?

గాజువాక_రాజు
ఇంతదానికి టెన్షన్ ఎందుకండీ. డయల్ ప్యాడ్ తెరిచి 7244 కొట్టండి, పైన పేరు వచ్చేస్తుంది. నేనెప్పుడూ అంతే.

సీతమ్మధార_మామ్మ
నాకూ రోజూ ఇవేనమ్మా. లోన్ కావాలా, ప్లాటు కావాలా అంటారు. ఎత్తకుండా బ్లాక్ చేసెయ్.

ఉష_ఎంవీపీ
మామ్మగారూ, ఇది అలాంటి కాల్ కాదండీ, తెలిసినవాళ్లదే అనుకుంటున్నాను.
రాజుగారూ, కొట్టాను. రఘు అన్నయ్య పేరొచ్చింది. ఫోన్ చేస్తే "నేనెక్కడ చేశానే, ల్యాండ్‌లైన్ నంబరే నాకు తెలీదు" అన్నాడు. తీరా చూస్తే వాడి నంబర్లో 7244 ఎక్కడా లేదు! మరి వాడి పేరెందుకొచ్చినట్టు?

డాబాగార్డెన్స్_శ్రీను
ద్వారకానగర్‌లో ఫోన్లు బాగుచేసే షాపు నాది, ఈ తమాషా తరచూ చూస్తుంటాను. డయల్ ప్యాడ్‌లో మీరు కొట్టింది అంకెలే అయినా ఫోన్ వాటిని అక్షరాలుగా కూడా చదువుతుంది. 7 మీద R, 2 మీద A, 4 మీద G, H రెండూ ఉంటాయి. కాబట్టి 7244 అంటే RAGH. ఇంగ్లిషులో Raghu అనో Raghava అనో సేవ్ చేసిన ప్రతివాడూ పైకి వస్తాడు. పేరు కింద నంబర్లో ఆ నాలుగంకెలు కనిపిస్తేనే లెక్క. లేకపోతే అది పేరు పోలిక, నంబరు పోలిక కాదు.

రాజుగారు చెప్పింది కొన్ని ఫోన్లలో నిజమే. కొన్ని ఫోన్లు నంబర్లో ఎక్కడున్నా వెతుకుతాయి, కొన్ని మొదటి అంకెల నుంచి మాత్రమే పోల్చుతాయి. రెండో రకంలో తోక అంకెలు ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండదు. మీది ఏ రకమో అర నిమిషంలో తేలిపోతుంది. మీకు కంఠతా వచ్చిన నంబరు ఒకటి, మీ ఇంట్లోవాళ్లదే, దాని చివరి నాలుగంకెలు కాంటాక్టుల వెతుకుడు పెట్టెలో కొట్టండి. ఆ పేరు రాకపోతే 7244 రాలేదని నిరాశ పడక్కర్లేదు, ఆ ఫోన్ తోక వైపు చూడదంతే.

ఉష_ఎంవీపీ
అమ్మ నంబరుతో చూశాను. రాలేదు. అంటే నాది రెండో రకం.

రిటైర్డ్_టెలిఫోన్స్
ఆ డబ్బా గురించి ఒక మాట. పాతబడితే అంకెల్లో ఒక గీత వెలగదు. 8 కాస్తా 6లాగో 9లాగో కనిపిస్తుంది, 7లో పై గీత పోతే 1 అయిపోతుంది. నాన్నగారు చదివింది తప్పని కాదు, డబ్బా చూపించిందే తప్పు కావచ్చు. 7244తో దొరక్కపోతే 244తోనే వెతకండి.

అయితే మూడంకెలకి దిగితే ఒకరికంటే ఎక్కువ మంది తగలొచ్చు. నాలుగంకెలకి పదివేల రకాలు, మూడంకెలకి వెయ్యే. ఆరువందల కాంటాక్టుల్లో నాలుగంకెలు యాదృచ్ఛికంగా కలవడం అరుదు. మూడంకెలైతే సంబంధం లేనివాడు ఒకడు తగిలినా ఆశ్చర్యం లేదు.

గాజువాక_రాజు
ల్యాండ్‌లైన్ బిల్లులో ఉంటుంది కదా సార్, అది తెప్పించుకుంటే సరి.

రిటైర్డ్_టెలిఫోన్స్
బిల్లు మనం చేసిన కాల్స్‌కి బాబూ. వచ్చిన కాల్స్‌కి మనం డబ్బు కట్టం, అందులో అవి ఉండవు.

డాబాగార్డెన్స్_శ్రీను
ఉషగారూ, మీ ఫోన్ తోక వెతకదు కాబట్టి కాంటాక్టులన్నీ బయటికి తీసి కంప్యూటర్లో వెతకడమే. కాంటాక్ట్స్ యాప్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, నొక్కితే .vcf ఫైలు వస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి Ctrl+F కొట్టి 7244 వెతకండి. TEL అని మొదలయ్యే లైన్లో, అదీ చివర్న ఉంటేనే మీకు కావలసింది. ఫొటోలు కూడా ఆ ఫైల్లో పొడుగాటి అక్షరాల గుట్టలుగా ఉంటాయి. వాటి మధ్యలో 7244 తగిలితే వదిలేయండి.

ఐదారంకెలు గుర్తున్నా నాలుగే కొట్టండి. కొన్ని ఫోన్లు ఫైల్లో నంబరు మధ్య గీతలు పెడతాయి, ఐదో అంకె గీతకి అవతల పడితే కళ్లముందున్నదే దొరకదు.

పని అయ్యాక ఫైలు తీసేయండి. ముఖ్యంగా నెట్ సెంటర్లో తెరిస్తే, మీ చుట్టాలందరి నంబర్లూ అక్కడ వదిలేసినట్టే.

ఉష_ఎంవీపీ
చేశాను. రెండు చోట్ల దొరికింది. ఒకటి ఎప్పుడో మానేసిన పాల అబ్బాయిది. రెండోది ఇలా ఉంది (నంబరు మొదటి భాగం నేనే కొట్టేశాను):

```
FN;CHARSET=UTF-8;ENCODING=QUOTED-PRINTABLE:=E0=B0=AE=E0=B1=87=E0=B0=A1=E0=B0=82
TEL;CELL:xxx-xxx-7244
```

ఇదేమిటండీ, ఫైలు పాడైందా?

డాబాగార్డెన్స్_శ్రీను
పాడవలేదు. మీరు పేరు తెలుగులో సేవ్ చేసుకున్నారు. పాత పద్ధతి ఫైల్లో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ మూడు ముక్కల కోడ్‌గా మారుతుంది. వరసగా =E0=B0 అనో =E0=B1 అనో కనిపిస్తే అక్కడ తెలుగుందని గుర్తు. కోడ్ విప్పుకోనక్కర్లేదు. ఆ TEL లైన్లోని నంబరు మొత్తం, మొదటి అంకె నుంచి, మీ డయల్ ప్యాడ్‌లో కొట్టండి. మీ ఫోన్ మొదటి నుంచి పోల్చే రకం కదా, పేరు అదే చెబుతుంది.

మధురవాడ_టెకీ
contacts.google.com నుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే తెలుగు తెలుగుగానే వస్తుంది, ఈ కోడ్ గొడవ ఉండదు. కాకపోతే గూగుల్ అకౌంట్లో ఉన్నవే వస్తాయి. సిమ్‌లోనో ఫోన్ మెమరీలోనో సేవ్ అయినవి అందులో రావు. అక్కడ వెతికి "లేదు" అని తేల్చేయకండి.

ఉష_ఎంవీపీ
"మేడం" అని వచ్చింది! మా పాప వీణ క్లాసు మేడం. చేరినప్పుడు ఫారంలో రెండో నంబరుగా నాన్నగారి ల్యాండ్‌లైన్ రాశాం. అందుకే అక్కడికి చేసి ఉంటారు. ఇప్పుడు చేస్తే ఎత్తడం లేదు, క్లాసులో ఉన్నారేమో. మెసేజ్ పెట్టాను.

సీతమ్మధార_మామ్మ
పాల అబ్బాయికి కూడా ఒకసారి చెయ్యమ్మా. బాకీ ఏమైనా మిగిలిందేమో.

గాజువాక_రాజు
శ్రీనుగారూ, నా ఫోన్లో మాత్రం తోక వెతికితే వస్తోంది, మా ఆవిడ ఫోన్లో రావట్లేదు. రెండూ ఒకే కంపెనీవి, కొన్న సంవత్సరమే వేరు. సెట్టింగుల్లో మార్చుకునేది ఏమైనా ఉందా?

డాబాగార్డెన్స్_శ్రీను
నేను వెతికినంతలో అలాంటి సెట్టింగు కనిపించలేదు. రెండిట్లో డయల్ యాప్ ఒకటేనా? కంపెనీ ఒకటైనా యాప్ వేరుగా ఉండొచ్చు. రెండు ఫోన్లూ పట్టుకుని షాపుకి రండి, చూద్దాం.